పీఎంపీ పట్టికలో ఆ ఇరవై ఖాళీ గళ్లు

క్లుప్తంగా: ప్రాజెక్ట్ మేనేజర్లకు ఇచ్చే సర్టిఫికేషన్ అయిన పీఎంపీ పరీక్షకు కూర్చునేవారిలో చాలామంది ఐదు ప్రాసెస్ గ్రూపులు, పది నాలెడ్జ్ ఏరియాలు, 49 ప్రాసెస్‌ల పట్టికను బట్టీ పడతారు. పరీక్షలో మాత్రం పట్టికలో ఏముందని అడగరు. ఒక సంఘటన చెప్పి, తర్వాత ఏం చేయాలని అడుగుతారు. ఏ పని ఫలితం ఏ పనికి అందుతుందో, కొన్ని గళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో తెలిసినవారికి పట్టిక దానంతటదే గుర్తుంటుంది. ఒక ఫంక్షన్ హాలు నిర్మాణాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ సంబంధాలను, ఆ పద్ధతి పనిచేయని చోట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పట్టిక మారుతూ వచ్చింది

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ, 1969లో అమెరికాలో మొదలైంది. పీఎంపీ సర్టిఫికేషన్ 1984లో వచ్చింది. ఆ సంస్థ ప్రచురించే పీఎంబాక్ గైడ్ చాలా ఎడిషన్ల పాటు ఒకే చట్రాన్ని వాడింది. పైన అడ్డంగా ఐదు ప్రాసెస్ గ్రూపులు: ఇనిషియేటింగ్, ప్లానింగ్, ఎగ్జిక్యూటింగ్, మానిటరింగ్ అండ్ కంట్రోలింగ్, క్లోజింగ్. పక్కన పైనుంచి కిందికి నాలెడ్జ్ ఏరియాలు: ఇంటిగ్రేషన్, స్కోప్, షెడ్యూల్, కాస్ట్, క్వాలిటీ, రిసోర్స్, కమ్యూనికేషన్స్, రిస్క్, ప్రొక్యూర్‌మెంట్, స్టేక్‌హోల్డర్. ఏ ప్రాసెస్ ఏ వరుసలో, ఏ నిలువులో పడుతుందో చూపేదే ఆ పట్టిక. ప్రతి ప్రాసెస్‌కూ లోపలికి వచ్చేవి, వాడే పద్ధతులు, బయటికి వెళ్లేవి అని మూడు జాబితాలుంటాయి. కోచింగ్ సెంటర్లలో వీటినే ఐటీటీఓలు అంటారు. అభ్యర్థులకు టెన్షన్ పుట్టించేది ఎక్కువగా ఇవే.

2004 నాటి మూడో ఎడిషన్‌లో 44 ప్రాసెస్‌లున్నాయి. 2008లో అవి 42కు తగ్గి, 2013లో 47కు, 2017 నాటి ఆరో ఎడిషన్‌లో 49కి పెరిగాయి. 2021లో వచ్చిన ఏడో ఎడిషన్ ఈ పట్టికను పక్కన పెట్టి 12 సూత్రాలు, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్లతో వచ్చింది. అప్పుడు చాలామంది ప్రాసెస్ గ్రూపుల కథ ముగిసిందనుకున్నారు. ఆ తర్వాత పీఎంఐయే ప్రాసెస్ గ్రూపులపై విడిగా ఒక ప్రాక్టీస్ గైడ్ తెచ్చి, 49 ప్రాసెస్‌లనూ మళ్లీ అందులో పెట్టింది. 2025లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్‌లో ప్రాసెస్‌లు 40 అయ్యాయి. ఐదు గ్రూపులకు ఫోకస్ ఏరియాలు అని కొత్త పేరు పెట్టారు.

2013లో 47 పేర్లు వల్లె వేసినవారి జ్ఞాపకం నాలుగేళ్లకే పాతబడింది. ఎడిషన్లు మారినా మారనిది ఒకటుంది: తయారైన వస్తువును మొదట సొంత బృందం తనిఖీ చేస్తుంది, తర్వాత కస్టమర్ చూసి ఒప్పుకుంటాడు, ఆ తర్వాతే అప్పగింత జరుగుతుంది. ప్రాసెస్ పేరు ఏదైనా ఈ వరుస ఇదే.

పరీక్ష తీరు కూడా మారింది. 2021 జనవరిలో అమలైన రూపంలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలిస్తారు. అంటే ఒక్కో ప్రశ్నకు దాదాపు 77 సెకన్లు. ప్రశ్నలు పీపుల్ 42 శాతం, ప్రాసెస్ 50 శాతం, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8 శాతంగా ఉంటాయి. 2026 జులై నుంచి అమలయ్యేలా ప్రకటించిన కొత్త రూపంలో ఈ వాటాలు 33, 41, 26గా మారాయి. రెండింటిలోనూ ప్రశ్నలు ఎక్కువగా సంఘటన రూపంలోనే వస్తాయి. నాలుగు వాక్యాల్లో ఒక పరిస్థితి చెప్పి, ప్రాజెక్ట్ మేనేజర్ తర్వాత ఏం చేయాలని అడుగుతారు. నాలుగు జవాబులూ చేయదగ్గ పనులే అయి ఉంటాయి. తేడా ఏది ముందు, ఏది వెనుక అన్నదానిలో ఉంటుంది. బట్టీ పట్టిన జాబితా ఇక్కడే చేతులెత్తేస్తుంది.

గ్రూపు అంటే దశ కాదు

మొదటి పొరపాటు ఐదు గ్రూపులను ఐదు దశలుగా చదవడం. ముందు ఇనిషియేటింగ్ అయిపోతుంది, తర్వాత ప్లానింగ్, ఆ తర్వాత ఎగ్జిక్యూటింగ్ అని మనసులో ఒక మెట్ల వరుస ఏర్పడుతుంది. పట్టిక గీసిన తీరే ఆ భ్రమ కలిగిస్తుంది.

ఒక మండల కేంద్రంలో ఫంక్షన్ హాలు కడుతున్నారనుకుందాం. దాని దశలు డిజైన్, పునాది, స్లాబు, ఫినిషింగ్. ఇవి ఆ ప్రాజెక్టుకే చెందిన దశలు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు వేరే ఉంటాయి. ఐదు గ్రూపులు మాత్రం ఈ ప్రతి దశలోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఫినిషింగ్ మొదలుపెట్టడానికి అనుమతి కావాలి, ఎవరు ఎప్పుడు ఏ పని చేయాలో అనుకోవాలి, చేయాలి, చేసింది చూసుకోవాలి, ఆ దశ ముగిసిందని రాసుకోవాలి. క్లోజింగ్ గ్రూపులో ఉన్న ఒకే ఒక్క ప్రాసెస్ పేరు 'క్లోజ్ ప్రాజెక్ట్ ఆర్ ఫేజ్'. ఆ 'ఆర్ ఫేజ్' అన్న ముక్కను చాలామంది చదవకుండానే దాటేస్తారు. దశ ముగిసినా అదే ప్రాసెస్ నడుస్తుందని అందులోనే ఉంది.

మానిటరింగ్ అండ్ కంట్రోలింగ్ సంగతి ఇంకా వేరు. పని అంతా అయ్యాక చూసుకోవడం దాని ఉద్దేశం కాదు. ప్లానింగ్ జరుగుతున్నప్పుడు కూడా అది నడుస్తూనే ఉంటుంది. 'ప్రాజెక్టు చివరికొచ్చింది, కొత్త రిస్కు కనిపించింది, ఏం చేయాలి' అని అడిగితే, మెట్ల వరుస నమ్మినవారు ప్లానింగ్ ఎప్పుడో అయిపోయింది కదా అనుకుని రిస్కును విశ్లేషించే జవాబును కొట్టేస్తారు. నిజానికి రిస్కు గుర్తించడం, బేరీజు వేయడం, స్పందన ఆలోచించడం ప్రాజెక్టు చివరి రోజు దాకా జరుగుతాయి.

ఖాళీ గళ్లు చెప్పేది

ఐదు గ్రూపులు, పది ఏరియాలు కలిస్తే 50 గళ్లు. ఆరో ఎడిషన్ పట్టికలో వాటిలో నిండినవి 30, ఖాళీ 20. బట్టీ పట్టేవారు నిండిన గళ్లనే చూస్తారు. పట్టిక తర్కం తెలిసేది మాత్రం ఖాళీ గళ్లను చూసినప్పుడే.

ఇనిషియేటింగ్‌లో ఎనిమిది ఖాళీలు. ఉన్నవి రెండే ప్రాసెస్‌లు: ప్రాజెక్టుకు అనుమతిచ్చే పత్రమైన ప్రాజెక్ట్ చార్టర్ తయారీ, స్టేక్‌హోల్డర్లను గుర్తించడం. చార్టర్ మీద స్పాన్సర్ సంతకం పడేదాకా ప్రాజెక్ట్ మేనేజర్‌కు డబ్బు ఖర్చు పెట్టే అధికారం లేదు, మనుషుల్ని అడిగే అధికారం లేదు. అలాంటప్పుడు షెడ్యూలు వేసి లాభం లేదు. ఆ సమయంలో తేలాల్సినవి రెండే: ఈ పని చేయమని ఎవరు అంటున్నారు, ఇది ఎవరెవరికి తగులుతుంది. ఫంక్షన్ హాలు విషయంలో యజమాని, పంచాయతీ, పక్క స్థలంవాళ్లు, రాత్రి పాటల మోత భరించాల్సిన వీధివాళ్లు.

ఎగ్జిక్యూటింగ్‌లో స్కోప్, షెడ్యూల్, కాస్ట్ గళ్లు మూడూ ఖాళీ. ఇది మొదట వింతగా అనిపిస్తుంది, ఎందుకంటే ప్రాజెక్టు అంటేనే పని, గడువు, ఖర్చు అనుకుంటాం కదా. అయితే షెడ్యూలును విడిగా 'చేయడం' అంటూ ఏమీ లేదు. మేస్త్రి గోడ కట్టినప్పుడు స్కోప్ కూడా పూర్తవుతుంది, రోజులూ గడుస్తాయి, డబ్బూ ఖర్చవుతుంది. ఆ మూడూ ఒకే పనిలో కలిసిపోతాయి. ఆ పనికి పట్టికలో ఇచ్చిన పేరు 'డైరెక్ట్ అండ్ మేనేజ్ ప్రాజెక్ట్ వర్క్', అది ఇంటిగ్రేషన్ వరుసలో ఉంది. పని, గడువు, ఖర్చు అనుకున్నట్టు ఉన్నాయా అని చూడటం మాత్రం విడివిడిగా సాధ్యమే. అందుకే మానిటరింగ్ నిలువులో ఆ మూడు గళ్లూ నిండుగా ఉన్నాయి. ఈ ఒక్క విషయం అర్థమైతే ఎగ్జిక్యూటింగ్‌లోని పది ప్రాసెస్‌లలో ఏవి ఉంటాయో, ఏవి ఉండవో సగం ఊహించవచ్చు.

క్లోజింగ్‌లో తొమ్మిది ఖాళీలు. 2013 ఎడిషన్‌లో ఇక్కడ కాంట్రాక్టులను ముగించే ప్రాసెస్ ఒకటి విడిగా ఉండేది. 2017లో దాన్ని తీసేసి, ఆ పనిని కంట్రోల్ ప్రొక్యూర్‌మెంట్స్‌లో కలిపారు. ఆలోచిస్తే అదే సబబు. బోరు వేసే కాంట్రాక్టరు పని పునాది కన్నా ముందే ముగుస్తుంది. అతని లెక్క తేల్చడానికి గృహప్రవేశం దాకా ఆగరు.

నిండిన గళ్లలోనూ ఇదే తర్కం ఉంది. ప్లానింగ్‌లో షెడ్యూల్‌కు ఐదు ప్రాసెస్‌లు, రిస్క్‌కు ఐదు. షెడ్యూల్‌నే చూస్తే, ఎలా ప్లాన్ చేయాలో అనుకోవడం, పనుల జాబితా, పనుల వరుస, ఒక్కో పనికి పట్టే రోజులు, చివరికి షెడ్యూలు. పనుల జాబితా లేకుండా వరుస కుదరదు. వరుస, రోజులు లేకుండా తేదీలు రావు. ఈ ఐదింటినీ వరుసలో గుర్తుంచుకోవడానికి వేరే కిటుకు అక్కర్లేదు. పెళ్లి పనులు రాసుకున్న ఏ ఇంట్లోనైనా ఇదే వరుస ఉంటుంది.

750 టైల్స్ ప్రయాణం

పట్టికను చదవడానికి నమ్మకమైన దారి ఒకే వస్తువును పట్టుకుని అది ఏయే గళ్ల గుండా వెళ్తుందో చూడటం. ఫంక్షన్ హాలులో డైనింగ్ హాలు నేల తీసుకుందాం. 3,000 చదరపు అడుగులు, రెండు అడుగుల టైల్స్, మొత్తం 750. రోజూ కడిగే నేల కాబట్టి నీళ్లు కాలువ వైపు జారేలా వాలు ఉండాలని స్కోప్‌లో రాసుకున్నారు.

టైల్స్ పరిచారు. ఇది డైరెక్ట్ అండ్ మేనేజ్ ప్రాజెక్ట్ వర్క్. దీని నుంచి బయటికొచ్చేది డెలివరబుల్, అంటే తయారైన నేల. అది మంచిదా కాదా ఇంకా తెలియదు.

తర్వాత కాంట్రాక్టరు తరఫు సైట్ ఇంజినీరు వచ్చి రసమట్టం పెట్టి వాలు చూస్తాడు. ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో గమనిస్తాడు. ఒక్కో టైల్‌ను తట్టి చూస్తాడు. కింద సిమెంటు సరిగా నిండని చోట డొల్ల శబ్దం వస్తుంది. పదకొండు టైల్స్ డొల్లగా మోగాయి. ఇది కంట్రోల్ క్వాలిటీ, మానిటరింగ్ గ్రూపులోది. ఆ పదకొండూ తీసి మళ్లీ వేయాలి. పీఎంఐ భాషలో ఇది డిఫెక్ట్ రిపేర్, అది కూడా ఒక రకం చేంజ్ రిక్వెస్ట్. మరమ్మతు అయ్యాక మళ్లీ తట్టి చూసి, సరే అనుకున్నాక ఆ నేలకు 'వెరిఫైడ్ డెలివరబుల్' అన్న పేరు వస్తుంది.

ఇప్పుడు యజమానిని పిలుస్తారు. ఆయన కూడా నీళ్లు పోసి చూస్తాడు, మూలలు చూస్తాడు, ఒప్పందంలో అనుకున్న రంగేనా అని చూస్తాడు. ఒప్పుకుని సంతకం పెడతాడు. ఇది వ్యాలిడేట్ స్కోప్, దీని ఫలితం 'యాక్సెప్టెడ్ డెలివరబుల్'. అది క్లోజ్ ప్రాజెక్ట్ ఆర్ ఫేజ్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి అప్పగింత.

బట్టీ పట్టినవారు తడబడేది సరిగ్గా ఈ రెండు ప్రాసెస్‌ల మధ్యే. కంట్రోల్ క్వాలిటీకీ, వ్యాలిడేట్ స్కోప్‌కూ పద్ధతుల జాబితాలో 'ఇన్‌స్పెక్షన్' ఉంటుంది. రెండూ మానిటరింగ్ నిలువులోనే ఉంటాయి. జాబితా మాత్రమే గుర్తున్నవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎవరు చూస్తున్నారు, ఏమని చూస్తున్నారు అన్నదాంట్లో ఉంది. ఇంజినీరు 'ఇది సరిగ్గా తయారైందా' అని చూస్తాడు. యజమాని 'నేను అడిగింది ఇదేనా' అని చూస్తాడు. టైల్స్ అన్నీ లోపం లేకుండా ఉండి, అడిగింది తెలుపు, వేసింది లేత గోధుమ రంగు అయితే? ఇంజినీరు తనిఖీలో స్పెసిఫికేషన్ కాగితాన్ని సరిగా చూసుకోకపోతే నేల మొదటి పరీక్ష దాటి రెండోదాని దగ్గర ఆగిపోతుంది.

మూడోది మేనేజ్ క్వాలిటీ. అది ఎగ్జిక్యూటింగ్‌లో ఉంటుంది. పదకొండు టైల్స్ ఎందుకు డొల్లయ్యాయి అని వెనక్కి వెళ్లి, మాలు కలిపే తీరు, టైల్స్ పరిచే తీరు సరిగా ఉన్నాయా అని చూడటం ఇందులోకి వస్తుంది. కంట్రోల్ క్వాలిటీ టైల్‌ను చూస్తుంది, మేనేజ్ క్వాలిటీ టైల్ వేసే పద్ధతిని చూస్తుంది. ప్రశ్నలో 'ఆడిట్' అన్న మాట ఉంటే చాలావరకు చూపు పద్ధతి మీదే ఉంటుంది.

యజమాని ఇంకో సింకు అడిగితే

నేల చూడటానికి వచ్చిన యజమాని, 'చేతులు కడుక్కునే చోటు ఒకవైపే ఉంది, అటువైపు కూడా ఒకటి కావాలి' అన్నాడు. ఇలాంటి ప్రశ్న పీఎంపీలో ఎన్ని రూపాల్లో వస్తుందో చూస్తే, బట్టీ ఎందుకు నిలవదో తెలుస్తుంది.

ముందు స్కోప్ బేస్‌లైన్, అంటే ఆమోదం పొంది ఖరారైన పని పరిధి, చూడాలి. రెండో సింకు అందులో ఉంటే ఇది మార్పు కాదు, కాంట్రాక్టరు మరిచిన పని. లేకపోతే మార్పు. మార్పు అయితే ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, పైపులైను కోసం వేసిన టైల్స్ పగలగొట్టాలా అన్నది బేరీజు వేయాలి. చేంజ్ రిక్వెస్ట్ రాయాలి. అది పెర్ఫార్మ్ ఇంటిగ్రేటెడ్ చేంజ్ కంట్రోల్‌కు వెళ్తుంది. అక్కడ చేంజ్ కంట్రోల్ బోర్డు, లేదా ఆ అధికారం ఉన్నవారు, ఒప్పుకోవచ్చు, తిప్పికొట్టవచ్చు, వాయిదా వేయవచ్చు. ఏది జరిగినా చేంజ్ లాగ్‌లో నమోదవుతుంది. ఒప్పుకుంటే ప్లాన్, బేస్‌లైన్లు సవరిస్తారు. ఆ తర్వాతే ప్లంబర్‌కు కబురు.

ఇప్పుడు ప్రశ్నను కొంచెం కొంచెం మారుద్దాం. యజమాని ఇప్పుడే అడిగాడు, అది బేస్‌లైన్‌లో లేదని తేలింది, మొదట ఏం చేయాలి? ప్రభావం బేరీజు వేయాలి. బేరీజు అయింది, తర్వాత? చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి. బోర్డు ఆమోదించింది, తర్వాత? ప్లాన్, బేస్‌లైన్లు సవరించాలి. బోర్డు తిరస్కరించింది, తర్వాత? లాగ్‌లో రాసి, యజమానికి కారణంతో చెప్పాలి. నాలుగు ప్రశ్నలకూ ఇవే నాలుగు జవాబులు ఐచ్ఛికాలుగా ఇవ్వవచ్చు. 'మార్పు వస్తే చేంజ్ రిక్వెస్ట్' అని ఒక్క వాక్యం బట్టీ పట్టినవారు నాలుగింటికీ అదే గుర్తు పెట్టి మూడు పోగొట్టుకుంటారు.

ఇంకో మలుపు ఉంది. యజమాని ఇదే మాట బేస్‌లైన్ ఖరారు కాకముందు, ఇంకా ప్లాన్ గీస్తున్నప్పుడు అన్నాడనుకుందాం. అప్పుడు బోర్డు, రిక్వెస్ట్ ఏవీ అక్కర్లేదు. డ్రాఫ్టు సవరిస్తే సరిపోతుంది. మార్పును నియంత్రించాలంటే ముందు మారకూడనిదంటూ ఒకటి ఖరారై ఉండాలి కదా. ప్రశ్నలో 'బేస్‌లైన్ ఆమోదం పొందింది' అన్న ముక్క ఉందా లేదా అని వెతికే అలవాటు ఇక్కడి నుంచే వస్తుంది.

ఆమోదం పొందిన చేంజ్ రిక్వెస్ట్ ఏ ప్రాసెస్‌లలోకి ఇన్‌పుట్‌గా వెళ్తుంది అన్నది పాత తరహా బట్టీ ప్రశ్న. ఆరో ఎడిషన్ ప్రకారం మూడింటిలోకి: డైరెక్ట్ అండ్ మేనేజ్ ప్రాజెక్ట్ వర్క్, కంట్రోల్ క్వాలిటీ, కంట్రోల్ ప్రొక్యూర్‌మెంట్స్. జాబితాగా చూస్తే మూడింటికీ పొంతన లేదు. సింకుతో చూస్తే ఉంది. ప్లంబర్ పని చేయాలి, అది మొదటిది. చేయమన్న మార్పు నిజంగా, సరిగ్గా జరిగిందా అని ఇంజినీరు చూడాలి, అది రెండోది. ప్లంబింగ్ సబ్‌కాంట్రాక్టుకు ఇచ్చి ఉంటే ఆ ఒప్పందం కూడా మారాలి, అది మూడోది.

సూత్రం ఎందుకు మూడు రకాలు

గట్టిగా గుర్తుంచుకోవాల్సినవి కొన్ని లేకపోలేదు. ఎర్న్‌డ్ వాల్యూ సూత్రాలు వాటిలో ఒకటి. అవైనా అర్థంతో కలిపితేనే పనికొస్తాయి.

అదే హాలుకు 200 మీటర్ల ప్రహరీ గోడ. మొత్తం బడ్జెట్ 10 లక్షలు, 10 వారాలు, వారానికి 20 మీటర్లు. నాలుగు వారాలయ్యాక చూస్తే 60 మీటర్లే అయింది, ఖర్చు 3.6 లక్షలు. ఈ '60 మీటర్లు, 3.6 లక్షలు' అన్నది వర్క్ పెర్ఫార్మెన్స్ డేటా. సైట్ నుంచి వచ్చిన ముడి లెక్క ఇది, ఎగ్జిక్యూటింగ్‌లో పుడుతుంది. దాన్ని ప్లాన్‌తో పోలుస్తారు. ఈపాటికి 80 మీటర్లు అయి 4 లక్షల విలువ పని జరగాలి. జరిగింది 3 లక్షల విలువే. కింది లెక్కలో PV అంటే ఈపాటికి జరగాల్సిన పని విలువ, EV జరిగిన పని విలువ, AC అయిన ఖర్చు, BAC మొత్తం బడ్జెట్, అన్నీ లక్షల్లో. CPI ఖర్చు తీరును, SPI గడువు తీరును చూపుతాయి.

```
PV = 4.0   EV = 3.0   AC = 3.6   BAC = 10
CPI = EV / AC = 0.83
SPI = EV / PV = 0.75
```

పోల్చగా తేలినది వర్క్ పెర్ఫార్మెన్స్ ఇన్ఫర్మేషన్. కంట్రోల్ షెడ్యూల్, కంట్రోల్ కాస్ట్స్ లాంటి ప్రాసెస్‌ల నుంచి ఇది వస్తుంది. అన్ని ఏరియాల సమాచారాన్నీ కలిపి యజమాని ముందు పెట్టే నివేదిక వర్క్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్, అది ఇంటిగ్రేషన్ వరుసలోని మానిటర్ అండ్ కంట్రోల్ ప్రాజెక్ట్ వర్క్ నుంచి వస్తుంది. డేటా, ఇన్ఫర్మేషన్, రిపోర్ట్ అన్న మూడు మాటలు ఐటీటీఓ జాబితాల్లో పదేపదే కనిపించి విసిగిస్తాయి. గోడ లెక్కతో చూస్తే మాత్రం అవి కొలత, పోలిక, నివేదిక.

ఇక మొత్తం ఎంతవుతుంది అన్న అంచనా, EAC. దీనికి మూడు సూత్రాలు ప్రచారంలో ఉన్నాయి. ఏది వాడాలో తెలియాలంటే ఖర్చు పెరగడానికి కారణం తెలియాలి.

```
EAC = BAC / CPI                        = 12.0
EAC = AC + (BAC - EV)                  = 10.6
EAC = AC + (BAC - EV) / (CPI × SPI)    = 14.8
```

కూలీ రేట్లు పెరిగి ఖర్చు ఇలాగే కొనసాగుతుందనుకుంటే మొదటిది, 12 లక్షలు. ఒక వారం వాన పడి పునాది గుంట పాడై ఖర్చు పెరిగింది, ఇకపై అలా జరగదు అనుకుంటే రెండోది, 10.6 లక్షలు. ఖర్చు ఇలాగే ఎక్కువగా ఉంటుంది, పైగా ఫలానా ముహూర్తానికి గోడ లేవాల్సిందే అని గడువు ఒత్తిడి కూడా ఉంటే మూడోది, 14.8 లక్షలు. ఒకే గోడకు అంచనాల మధ్య నాలుగు లక్షలకు పైగా తేడా వచ్చింది. అంకెలేమీ మారలేదు, కథ మారింది. పరీక్షలో ఆ కథ 'ఇది ఒకసారి జరిగిన ఘటన' లాంటి చిన్న వాక్యంలో దాక్కుని ఉంటుంది. మూడు సూత్రాలూ కంఠతా వచ్చి, ఆ వాక్యాన్ని పట్టించుకోనివారు లెక్క తప్పు లేకుండా చేసి జవాబు తప్పు పెడతారు.

పట్టిక ఆగిపోయే చోటు

ఈ పద్ధతికి హద్దులున్నాయి. 2021 నాటి పరీక్ష రూపంలో దాదాపు సగం ప్రశ్నలు, పనిని చిన్న విడతలుగా చేస్తూ ప్లాన్ మార్చుకుంటూ పోయే ఎజైల్ పద్ధతివి, లేదా రెండు పద్ధతులూ కలిపిన హైబ్రిడ్‌వి. అక్కడ పై పట్టికను యథాతథంగా వాడితే దెబ్బతింటారు. స్క్రమ్ పద్ధతిలో నడిచే యాప్ ప్రాజెక్టులో కస్టమర్ కొత్త ఫీచర్ అడిగితే చేంజ్ కంట్రోల్ బోర్డు ఊసే రాదు. అది చేయాల్సిన పనుల జాబితా అయిన ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌లో చేరుతుంది, దాని వరుస ఎక్కడో ప్రొడక్ట్ ఓనర్ నిర్ణయిస్తాడు. 'చేంజ్ రిక్వెస్ట్ పెట్టండి' అన్న ఐచ్ఛికం అక్కడ వలలాంటిది.

ఇక్కడ కూడా తేడా చూపేది కారణమే. ఫంక్షన్ హాలులో ముందే ఖరారు చేసింది మొత్తం స్కోప్, దాన్ని కదిలించే అధికారం బోర్డుది. స్క్రమ్‌లో మొత్తం జాబితా తెరిచే ఉంటుంది, కదిలించకూడనిది నడుస్తున్న విడత, అంటే స్ప్రింట్, లక్ష్యం మాత్రమే, వరుస మార్చే అధికారం ప్రొడక్ట్ ఓనర్‌ది. 'ఇక్కడ ఖరారైంది ఏది, దాన్ని మార్చే అధికారం ఎవరిది' అన్న రెండు ప్రశ్నలు రెండుచోట్లా పనిచేస్తాయి. పట్టిక ఒకచోటే పనిచేస్తుంది.

పీపుల్ విభాగంలో పట్టిక సాయం ఇంకా తక్కువ. బృందంలో ఇద్దరు గొడవ పడితే అది మేనేజ్ టీమ్ గడిలోకి వస్తుందని తెలిసినంత మాత్రాన జవాబు దొరకదు. ముందు వాళ్లిద్దరితో మాట్లాడి కారణం తెలుసుకోవాలా, పైవారికి చెప్పాలా అన్నది ప్రశ్నలోని వివరాలను బట్టి ఉంటుంది. పైవారికి చెప్పడం సాధారణంగా చివరి మెట్టు. ఈ భాగానికి సంఘటనల ప్రశ్నలు ఎక్కువగా చదవడమే దారి, పట్టికతో కుస్తీ పట్టడం కాదు.

అర్థమైందో లేదో తేలేది ఎలా

మాక్ టెస్టులో వచ్చిన మార్కుల కన్నా తప్పుల రకం ఎక్కువ సంగతులు చెబుతుంది. తప్పు పోయిన ప్రశ్నలను మూడు కుప్పలుగా వేయవచ్చు. మాట అర్థమే తెలియనివి ఒకటి. సరైన ప్రాసెస్ పట్టుకుని, అందులో మెట్టు తప్పినవి రెండోది. ఎజైల్ సందర్భంలో పాత పట్టిక జవాబు, లేదా దానికి తలకిందులుగా, పెట్టినవి మూడోది. మొదటి కుప్పకు పదాలు చూసుకుంటే చాలు. బట్టీతో నెట్టుకొచ్చినవారికి రెండో కుప్ప పెద్దగా ఉంటుంది. అదే ప్రశ్నను 'ఇప్పటిదాకా ఏం జరిగిపోయింది' అన్న దృష్టితో మళ్లీ చదివితే, తప్పు ఎక్కడ జరిగిందో చాలాసార్లు వెంటనే దొరుకుతుంది.

దీనికన్నా చిన్న పరీక్ష ఇంకొకటుంది. పట్టికలో ఏదో ఒక ప్రాసెస్ మీద వేలు పెట్టి, ఇది లేకపోతే ఏం ఆగిపోతుంది అని అడగాలి. వ్యాలిడేట్ స్కోప్ తీసేస్తే? 750 టైల్స్ బాగానే ఉంటాయి, బిల్లు మాత్రం కదలదు, ఎందుకంటే 'ఇది నేను అడిగిందే' అని యజమాని ఎక్కడా సంతకం పెట్టలేదు. 2017లో కొత్తగా చేర్చిన ఇంప్లిమెంట్ రిస్క్ రెస్పాన్సెస్ తీసేస్తే? వాన పడితే టార్పాలిన్ కప్పాలని రిస్క్ రిజిస్టర్‌లో రాసి ఉంటుంది, టార్పాలిన్ మాత్రం ఎవరూ కొని ఉండరు.